తలుపు హ్యాండిళ్లు తుడవడమా, చేతులు కడగడమా, కిటికీలు తెరవడమా? ఇంట్లో జలుబు నిజంగా ఏ దారిన పాకుతుంది

సుజాత_కె
ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆరేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప. మా అత్తగారికి ఆస్తమా. బడి నుంచి బాబు జలుబు తెస్తాడు, రెండు మూడు రోజుల్లో పాపకి, తర్వాత నాకు, చివరికి అత్తయ్యకి. మా అందరికీ అది ముక్కు కారడంతో పోతుంది, ఆవిడకి మాత్రం పిల్లికూతలతో, నిద్ర లేని రాత్రులతో నడుస్తుంది. అందుకే నాకు ఇంత టెన్షన్.

బాబుకి ముక్కు కారడం మొదలవగానే నేను తలుపు హ్యాండిళ్లు, స్విచ్‌లు, రిమోట్, బల్లలు అన్నీ క్రిమిసంహారక ద్రవంతో రోజుకి రెండుసార్లు తుడుస్తున్నాను. శానిటైజర్ సీసా ప్రతి గదిలోనూ పెట్టాను. అయినా జలుబు తిరుగుతూనే ఉంది. నా ప్రశ్న ఒక్కటే. జలుబు వైరస్ ఎక్కువగా ఏ దారిన వెళ్తుంది? చేతులా, వస్తువులా, గాలా? రోజుకి నాకు దొరికే సమయం కొంచెమే. దాన్ని దేని మీద పెడితే అత్తయ్యకి నిజంగా మేలు?

రమణమూర్తి
ఉదయం 9:40

సుజాతగారూ, మీరు అన్నీ సరిగ్గానే చేస్తున్నారు, ఇంకొంచెం గట్టిగా చేయండి. శానిటైజర్ 99.9 శాతం క్రిములను చంపుతుందని సీసా మీదే రాసి ఉంటుంది. ఇంట్లో ప్రతివాళ్లూ గంటకోసారి రాసుకుంటే ఇక జలుబు ఎక్కడి నుంచి వస్తుంది? మా ఆఫీసులో కరోనా రోజుల నుంచీ ఇదే పద్ధతి. ఫ్లూ, జలుబు అన్నీ ఒకే కుటుంబం, ఒకే మందు.

లక్ష్మీనరసింహ_ఎం
ఉదయం 10:25

రమణమూర్తిగారూ, శానిటైజర్ మంచిదే కానీ ఫ్లూని, జలుబుని ఒక గాటన కట్టడం కుదరదండీ. నేను చాలా ఏళ్లు వైరాలజీ ల్యాబ్‌లో పనిచేశాను, ఈ తేడా అక్కడ రోజూ చూసేవాళ్లం. ఫ్లూ వైరస్‌కీ కరోనా వైరస్‌కీ పైన కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను కరిగించేస్తుంది, వైరస్ అక్కడికక్కడే చెడిపోతుంది. మామూలు జలుబుల్లో ఎక్కువ వాటా రైనోవైరస్‌ది. దానికి ఆ కొవ్వు పొరే లేదు, పైన ఉన్నది గట్టి ప్రోటీన్ గుల్ల. ఆల్కహాల్ దాన్ని కొంత తగ్గిస్తుంది కానీ ఫ్లూ మీద చూపించినంత ప్రతాపం చూపించదు.

వేళ్ల మీద రైనోవైరస్ పూసి, కొందరికి ఆల్కహాల్ రాసి, కొందరి చేత సబ్బుతో కడిగించి చూసిన పరీక్ష ఒకటి 2012లో అచ్చయింది. ఒక్కసారి ఆల్కహాల్ రాస్తే వైరస్ మిగిలిపోయింది, సబ్బూ నీళ్లతో కడిగితే బాగా పోయింది. ఇక్కడ సబ్బు వైరస్‌ని చంపడం లేదు. చర్మం మీద నుంచి ఊడదీస్తుంది, నీళ్లు దాన్ని కొట్టుకుపోతాయి. అందుకే రుద్దే సమయం, ధారగా నీళ్లు పోయడం, తర్వాత పొడిగా తుడుచుకోవడం, ఈ మూడూ ముఖ్యం. తడి చెయ్యి వైరస్‌ని తేలిగ్గా తీసుకుంటుంది, తేలిగ్గా ఇస్తుంది కూడా.

ఇంకో సంగతి. చేతి మీద చీమిడి తడిగా ఉన్నప్పుడు శానిటైజర్ ఫ్లూ వైరస్ మీద కూడా సరిగా పనిచేయదు, చీమిడి అడ్డుపడుతుంది. పిల్లవాడు ముక్కు తుడుచుకున్న చేతికి శానిటైజర్ రాయడం కంటే కుళాయి దగ్గరకు తీసుకెళ్లడం మేలు.

కిరణ్_వి
ఉదయం 10:50

నాకూ ఇదే సమస్య అండి. రోజూ పొద్దున్న లేవగానే వరసగా తుమ్ములు, ముక్కులోంచి నీళ్లు, కళ్లు దురద. పది గంటలకల్లా తగ్గిపోతుంది. ఏడాది నుంచీ ఇంతే. నేను చేతులు బాగానే కడుక్కుంటాను, మాస్క్ కూడా పెట్టుకుంటాను. ఎవరి నుంచి అంటుకుంటోందో అర్థం కావడం లేదు. ఏ సబ్బు వాడాలి?

ఫర్హానా_నర్స్
ఉదయం 11:05

కిరణ్‌గారూ, మీరు చెప్పేది అంటుకునే జలుబులా లేదు. వైరస్ జలుబు రెండు మూడు రోజుల్లో ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. రోజూ అదే వేళకి వచ్చి అదే వేళకి పోదు. కళ్లు దురద, నీళ్లలాంటి కారడం, వరస తుమ్ములు అంటే ఎలర్జీ అనిపిస్తుంది. పడక, దిండ్లు, దుమ్ము సంగతి చూసుకోండి, ఒకసారి ముక్కు డాక్టర్‌కి చూపించండి. సబ్బు మార్చి ప్రయోజనం ఉండదు.

సుజాతక్కా, మీ దగ్గరకు వస్తాను. నేను ఛాతీ వార్డులో నర్సుని. మీరు తుడిచే పని మీద ఇంత శ్రమ పడటం చూస్తే బాధగా ఉంది. వస్తువుల మీద నుంచి జలుబు రాదని అనను. కానీ ఇంట్లో జలుబు పడ్డ పిల్లాడు ఒళ్లో కూర్చుని, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడుతుంటే, స్విచ్ తుడవడంతో ఎంత లాభం? నా అనుభవంలో దగ్గరితనమే అసలు కారణం. గాలి, తుంపర్లు.

లక్ష్మీనరసింహ_ఎం
మధ్యాహ్నం 12:30

ఫర్హానాగారు ఎత్తింది నిజంగా పెద్ద ప్రశ్న. దీని మీద రెండు విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఒకదానికొకటి ఎదురు నిలిచే ఫలితాలు తెచ్చాయి. ఆ రెండూ తెలిస్తే సుజాతగారి ప్రశ్నకి జవాబు చాలావరకు దొరుకుతుంది.

మొదటిది అమెరికాలో వర్జీనియా. గ్వాల్ట్నీ, హెండ్లీ అనే డాక్టర్ల బృందం 1978లో ప్రచురించింది. జలుబు ఎక్కించిన మనుషులను, ఎక్కించని మనుషులను కలిపి మూడు రకాలుగా చూశారు. ఒక గుంపులో జలుబు మనిషి తన ముక్కు తుడుచుకున్న చేత్తో ఎదుటి మనిషి చేతిని కొన్ని సెకన్లు తాకుతాడు, ఆ ఎదుటి మనిషి తర్వాత తన ముక్కునీ కంటినీ ముట్టుకుంటాడు. పదిహేను మందిలో పదకొండు మందికి అంటుకుంది. రెండో గుంపు బల్ల చుట్టూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడింది, దగ్గింది, చేతులు మాత్రం కలపలేదు. పన్నెండు మందిలో ఒక్కరికి వచ్చింది. మూడో గుంపు మధ్యలో జాలీ అడ్డం పెట్టుకుని ఒకే గదిలో ఉంది. పది మందిలో ఒక్కరికీ రాలేదు. వాళ్లు తేల్చింది, జలుబుకి చెయ్యే ప్రధాన దారి అని.

రెండోది విస్కాన్సిన్. ఎలియట్ డిక్ బృందం, 1987. జలుబు ఉన్నవాళ్లను, లేనివాళ్లను పన్నెండు గంటల పాటు ఒకే గదిలో పేకాట ఆడించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సగం మంది మెడకో చేతులకో తొడుగులు తగిలించి, చెయ్యి ఎంత సాగదీసినా ముఖానికి అందకుండా చేశారు. వాళ్ల చేతుల నుంచి ముక్కుకి దారి మూసేసినట్టే. అయినా పద్ధెనిమిది మందిలో పది మందికి జలుబు వచ్చింది. ఏ అడ్డూ లేనివాళ్లలో పద్ధెనిమిదికి పన్నెండు మందికి. తేడా పెద్దగా లేదు. అంతటితో ఆగలేదు. బాగా చీమిడి పట్టిన ఆ పేకముక్కలనూ బిళ్లలనూ పక్క గదికి తీసుకెళ్లి, అక్కడ జలుబు లేని పన్నెండు మంది చేత మరో పన్నెండు గంటలు ఆడించారు. వాళ్లని ముఖం తాకనిచ్చారు, తాకమన్నారు కూడా. ఒక్కరికీ రాలేదు.

రమణమూర్తి
మధ్యాహ్నం 12:48

మరి ఇంకేం, తేలిపోయింది కదా. గాలిలోనే వస్తుంది, చేతులు కడగడం దండగ. పేకముక్కల మీద నుంచి రానిది తలుపు హ్యాండిల్ మీద నుంచి వస్తుందా?

శేషు_టీచర్
మధ్యాహ్నం 1:10

అంత తొందర ఎందుకండీ రమణమూర్తిగారూ. పొద్దున్న శానిటైజరే సర్వస్వం అన్నారు, మధ్యాహ్నానికి చేతులే దండగ అంటున్నారు. వర్జీనియాలో పదిహేను మందిలో పదకొండు మంది ఊరికే పడలేదు కదా.

నాకో అనుమానం. చేతిని చెయ్యి తాకితే అంతమందికి వచ్చిన జలుబు, చీమిడి పట్టిన పేకముక్కల మీద నుంచి ఒక్కరికీ ఎందుకు రాలేదు? రెండూ తాకిడే కదా. నరసింహగారు దీన్ని వివరిస్తే బాగుంటుంది.

లక్ష్మీనరసింహ_ఎం
మధ్యాహ్నం 2:35

శేషుగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఒక్కో మెట్టుగా చూద్దాం. బాబు ముక్కు నుంచి నాయనమ్మ కంటి దాకా వైరస్ ప్రయాణం అనుకోండి. ఇక్కడ చెప్పే అంకెలు లెక్క అర్థం కావడానికి నేను ఊహించుకున్నవి, ఏ పరీక్షలోనివీ కావు.

బాబు ముక్కు తుడుచుకున్న వేలి మీద వెయ్యి వైరస్‌లు ఉన్నాయనుకుందాం. ఆ వేలితో తలుపు హ్యాండిల్ ముట్టుకుంటే పదో వంతు దిగుతుంది, అంటే వంద. చీమిడి ఆరిపోతున్నకొద్దీ కొన్ని చెడిపోతాయి, యాభై మిగులుతాయి. కాసేపటికి నాయనమ్మ అదే హ్యాండిల్ పట్టుకుంటుంది. ఆరిన వస్తువు మీద నుంచి చేతికి ఎక్కేది మళ్లీ పదో వంతు, అంటే ఐదు. ఆవిడ కన్ను నులుముకుంటే అందులోనూ కొంతే కంట్లోకి వెళ్తుంది. చివరికి ఒకటి చేరితే చేరుతుంది, లేకపోతే లేదు. ఇదే బాబు నేరుగా నాయనమ్మ చెయ్యి పట్టుకున్నాడనుకోండి. మధ్యలో హ్యాండిల్ లేదు, ఆరే సమయం లేదు. వెయ్యిలో వంద నేరుగా ఆవిడ వేలి మీదకి వస్తాయి, అవి కూడా తడిగా. ప్రతి మెట్టూ నష్టమే కాబట్టి ఒక్క మెట్టు తగ్గినా లెక్క చాలా మారిపోతుంది.

కన్ను ఎందుకు అన్నానంటే, కంట్లోంచి ముక్కులోకి కన్నీటి గొట్టం ఉంటుంది. ఏడిస్తే ముక్కు కారేది దాని వల్లే. కంటి మూలలో పడ్డ వైరస్ ఆ గొట్టం గుండా కాసేపట్లో ముక్కు వెనక్కి చేరుతుంది. ముక్కూ కన్నూ రైనోవైరస్‌కి తెరిచిన గుమ్మాలు, అక్కడ అతి కొద్ది వైరస్ చాలు. నోటి దారిన మాత్రం అంటుకోవడం చాలా కష్టం. ఎంగిలి గ్లాసు కంటే కన్ను నులుముకున్న వేలే ఎక్కువ ప్రమాదం. ఇది చాలామంది తలకిందులుగా అనుకుంటారు.

పేకముక్కలు విఫలమైంది కూడా ఇందుకే అని నా అభిప్రాయం. ఆ మెట్లలో వైరస్ చాలా రాలిపోయింది. అయితే వస్తువుల మీద వైరస్ బతకదని అనుకోవద్దు. జలుబు ఉన్నవాళ్లను హోటల్ గదిలో ఒక రాత్రి ఉంచి, వాళ్లు ముట్టుకున్న చోట్లు పరీక్షిస్తే దాదాపు మూడో వంతు చోట్ల రైనోవైరస్ జాడ కనిపించింది. గంటలు గడిచేకొద్దీ అక్కడి నుంచి వేలికి ఎక్కేది తగ్గుతూ పోయింది. వైరస్ ఉండటం వేరు, జబ్బు తెప్పించేంత ఉండటం వేరు.

ఫర్హానా_నర్స్
మధ్యాహ్నం 3:15

ఈ వివరణ బాగుంది సార్. కానీ వర్జీనియా పరీక్షలో నాకో చిక్కు ఉంది. చేతులు కలిపాక ముక్కునీ కంటినీ ముట్టుకోండి అని వాళ్లకి ముందే చెప్పారు. తడి చీమిడి అప్పుడే చేతికి పూశారు. నిజమైన ఇంట్లో అంత పకడ్బందీగా ఎవరు అంటించుకుంటారు? చేతుల దారి సాధ్యమని ఆ పరీక్ష చూపించింది, ఇంట్లో రోజూ జరిగేది అదేనని చూపించలేదు. విస్కాన్సిన్ వాళ్లు మనుషులను పన్నెండు గంటలు కూర్చోబెట్టారు. ఇల్లంటే అదే కదా, గంటల తరబడి కలిసి ఉండటం.

లక్ష్మీనరసింహ_ఎం
మధ్యాహ్నం 3:40

ఒప్పుకుంటాను, అది ఆ పరీక్ష బలహీనతే. అయితే మనుషులు ముఖం ఎంత తరచుగా తాకుతారో కూడా లెక్కలో వేసుకోవాలి. ఆస్ట్రేలియాలో వైద్య విద్యార్థులను క్లాసులో వీడియో తీసి లెక్కపెట్టారు, 2015లో అచ్చయింది. సగటున ఒక్కో మనిషి గంటకి 23 సార్లు ముఖం తాకుతున్నాడు. అందులో సగానికి కొంచెం తక్కువ కళ్లు, ముక్కు, నోరు. క్రిముల గురించి చదువుకుంటున్నవాళ్లే అలా ఉంటే ఇంట్లో వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ముఖం తాకకండి అన్న సలహా మీద నాకు నమ్మకం తక్కువ, అది మనకి తెలియకుండా జరిగే పని. తాకే చెయ్యి శుభ్రంగా ఉండేలా చూసుకోవడమే చేయగలిగేది.

మీ వైపు బలం ఇచ్చే విషయం కూడా ఒకటి చెప్తాను. 2012లోనే మరో పరీక్షలో, వైరస్ మీద పనిచేసే ఆమ్లాలు కలిపిన ఆల్కహాల్ ద్రావణాన్ని కొన్ని వారాల పాటు మెలకువగా ఉన్నంతసేపూ మూడు గంటలకోసారి చేతులకి రాయించారు. రైనోవైరస్ సోకడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. చెయ్యి ఒక్కటే దారి అయితే బాగా తగ్గి ఉండాలి.

పద్మావతి_ఆర్
సాయంత్రం 4:20

నాకు డెబ్బై దాటాయి, నలుగురు మనవలు. వీళ్లంతా ఇంత చర్చిస్తుంటే నాకు అనిపించింది చెప్తాను. జలుబు పిల్లాడి దగ్గర ఉన్నవాళ్లందరికీ రాదు. మా ఇంట్లో ఒకసారి ముగ్గురికి వస్తే, ఇంకోసారి ఆ ఒక్కడితోనే పోతుంది. సుజాతా, నీ భయం నాకు తెలుసమ్మా, ఇంట్లోకి వచ్చిందంటే ఇక అందరికీ తప్పదని అనుకోకు. మీ అత్తగారి దగ్గర జాగ్రత్త పడితే చాలా తేడా ఉంటుంది. ఆవిడ దగ్గర బాబుని పడుకోబెడుతున్నావా?

లక్ష్మీనరసింహ_ఎం
సాయంత్రం 4:45

పద్మావతమ్మగారు చెప్పింది పరీక్షలతో సరిపోతుంది. భార్యాభర్తల్లో ఒకరికి జలుబు ఎక్కించి చూసిన పాత పరీక్షలో రెండోవాళ్లకి అంటుకుంది వందకి 38 మందికే. ఎవరి విషయంలో అంటుకుందో చూస్తే, రోజులో ఎక్కువ గంటలు కలిసి ఉన్నవాళ్లు, జలుబు గట్టిగా ఉన్నవాళ్లు, చేతుల మీదా ముక్కు దగ్గరా వైరస్ దొరికినవాళ్లు. ఒకే కప్పు కింద ఉండటం కాదు, ఎంత సేపు, ఎంత దగ్గరగా, ఎదుటివాడి ముక్కు ఎంత కారుతోంది అన్నవే తేల్చేవి.

సుజాత_కె
సాయంత్రం 6:30

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పద్మావతమ్మగారూ, అవునండీ, బాబు నాయనమ్మ పక్కనే పడుకుంటాడు. కథలు చెప్పించుకుంటూ నిద్రపోతాడు. అది ఆపడం అంటే ఇద్దరికీ కష్టం. మరి ఆపాల్సిందేనా? ఆపితే ఎన్ని రోజులు? ఇంకో మాట, బాబుకి మాస్క్ పెడితే సరిపోదా?

ఫర్హానా_నర్స్
సాయంత్రం 7:05

ఆపాలక్కా, కానీ కొన్ని రోజులే. రైనోవైరస్ సోకాక ఒకటి నుంచి మూడు రోజుల్లో లక్షణాలు వస్తాయి. ముక్కులో వైరస్ బాగా ఎక్కువగా ఉండేది జలుబు మొదలైన రెండు మూడు రోజులు, నీళ్లలా కారుతున్నప్పుడు. ఆ తర్వాత కూడా రెండు మూడు వారాల దాకా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది, కానీ అప్పటికి చాలా తగ్గిపోతుంది. అందుకని ముక్కు ధారగా కారుతున్న మొదటి మూడు నాలుగు రాత్రులు బాబు వేరే గదిలో పడుకుంటే, ప్రమాదం ఎక్కువ ఉన్న సమయం గడిచిపోతుంది. ఎనిమిది గంటల పాటు ఒకే దిండు మీద ఊపిరి పంచుకోవడం కంటే పెద్ద దారి ఇంకొకటి ఉండదు. కథలు పగటిపూట కిటికీ తెరిచిన గదిలో, కొంచెం ఎడంగా కూర్చుని చెప్పించుకోవచ్చు.

మీ అత్తగారి విషయంలో ఒక్క మాట. రోజూ వాడమని డాక్టర్ రాసిన నివారణ ఇన్‌హేలర్ ఆవిడ బాగున్న రోజుల్లో మానేస్తున్నారేమో చూడండి. మా వార్డుకి జలుబుతో ఆస్తమా ముదిరి వచ్చేవాళ్లలో చాలామంది బాగుంది కదా అని అది ఆపేసినవాళ్లే. జలుబును పూర్తిగా ఆపలేకపోయినా అది ఊపిరితిత్తులను ఎంత ఇబ్బంది పెడుతుందన్నది దీని మీద చాలా ఆధారపడి ఉంటుంది. పిల్లికూతలు మొదలైతే ఏం చేయాలో డాక్టర్ దగ్గర ముందే రాయించుకోండి. మాట్లాడటానికి ఊపిరి చాలకపోతే, ఉపశమనం ఇన్‌హేలర్‌తో తగ్గకపోతే ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లక్ష్మీనరసింహ_ఎం
రాత్రి 8:10

మాస్క్ గురించి. హాంకాంగ్‌లో జలుబు, ఫ్లూ రోగులు వదిలిన ఊపిరిని పెద్ద గరాటులాంటి యంత్రంలో పట్టి పరీక్షించారు, 2020లో ప్రచురించారు. సర్జికల్ మాస్క్ పెట్టుకుంటే మామూలు జలుబు తెచ్చే కరోనా రకాలు, ఫ్లూ తుంపర్లలో తగ్గాయి. రైనోవైరస్ విషయంలో మాత్రం మాస్క్ ఉన్నప్పటికీ లేనప్పటికీ స్పష్టమైన తేడా కనిపించలేదు. అదే ఏడాది హాంకాంగ్ బడులు తెరవగానే పిల్లలు మాస్క్‌లతో వచ్చినా జలుబులు గుంపులుగా వచ్చాయి, రైనోవైరస్ కారణంగా. ఫ్లూ మాత్రం అప్పుడు దాదాపు మాయమైంది. ఆ రోజుల్లో ప్రపంచంలో చాలా చోట్ల ఇదే జరిగింది.

ఎందుకలా అన్నది ఇంకా తేలలేదు. కొవ్వు పొర లేని వైరస్ కాబట్టి వస్తువుల మీద, చేతుల మీద నిలబడి చేతుల దారిన వచ్చిందని కొందరంటారు. పిల్లలు మాస్క్ సరిగా పెట్టుకోరు, లక్షణాలు లేకుండానే చాలామంది వైరస్ మోస్తుంటారు అని ఇంకొందరు. రెండూ నిజమై ఉండొచ్చు. ఆరేళ్ల పిల్లాడు ఇంట్లో రోజంతా మాస్క్ ఉంచుకోడు, పైగా దాన్ని సర్దుకోవడానికి ముక్కు దగ్గరకి చెయ్యి ఇంకా ఎక్కువగా పోతుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

శేషు_టీచర్
రాత్రి 8:30

నేను ఇక్కడ నరసింహగారితో కొంచెం విభేదిస్తాను. మాస్క్ అత్తగారు పెట్టుకోవచ్చు కదా? పిల్లాడికి పెట్టడం కష్టమే, పెద్దవాళ్లకి కాదు. వాడి పక్కన కూర్చున్న గంటా అరగంటా. కనీసం ఆవిడ చెయ్యి తన ముక్కుకి వెళ్లకుండా అయినా అడ్డుపడుతుంది.

ఫర్హానా_నర్స్
రాత్రి 8:42

ఆస్తమా ఉన్నవాళ్లకి ఉక్కగా అనిపించొచ్చు. ఆవిడకి ఇబ్బంది లేకపోతే పెట్టుకోనివ్వండి, నేను వద్దనను. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి, చేతులు కడగడం తప్పదు.

రమణమూర్తి
రాత్రి 9:00

నరసింహగారూ, మొత్తానికి చేతులు కడిగితే ఎంత తగ్గుతుందో ఒక్క అంకె చెప్పండి. మా ఆఫీసులో చెప్పడానికి.

లక్ష్మీనరసింహ_ఎం
రాత్రి 9:20

ఇళ్లలో, బడుల్లో చేతుల శుభ్రత మీద జరిగిన చాలా పరీక్షలను ఒకచోట చేర్చి 2023లో కాక్రేన్ సంస్థ లెక్కగట్టింది. జలుబు, దగ్గు లాంటి శ్వాస జబ్బులన్నీ కలిపి చూస్తే దాదాపు 14 శాతం తగ్గుదల. అందులో రైనోవైరస్ ఒక్కటే లేదు, అన్ని వైరస్‌లూ ఉన్నాయి. పైగా చేతులు కడగమని చెప్పిన ఇళ్లలో అందరూ చెప్పినట్టు కడగరు, ఆ లోపం కూడా ఈ అంకెలోనే ఉంది. ఖర్చూ కష్టమూ లేని పనికి 14 శాతం తక్కువేం కాదు, అలాగని అదొక్కటీ చేసి కిటికీ మూసుకుని పిల్లాణ్ని పక్కలో పడుకోబెట్టుకుంటే చాలదు.

సుజాతగారూ, మీ సమయం సంగతికి వస్తే, నేను ముక్కు దగ్గరే మొదలుపెడతాను. విస్కాన్సిన్ బృందం పేకాట పరీక్షకి ముందు 1986లో ఇంకోటి చేసింది. జలుబు ఉన్నవాళ్లకి వైరస్‌ని చంపే ఆమ్లం పట్టించిన కాగితం రుమాళ్లు ఇచ్చి, ముక్కు చీదినా తుమ్మినా దగ్గినా దానిలోనే అని నియమం పెట్టారు. అదే పన్నెండు గంటల ఆట. మామూలుగా సగానికి పైగా పడేచోట ఒక్కరికీ అంటుకోలేదు. మామూలు ఇళ్లలో వాడి చూసినప్పుడు మాత్రం అంత ఫలితం రాలేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ పన్నెండు గంటలు అంత శ్రద్ధగా ఉండరు. అయినా ఆ ఫలితం నాకు చెప్పేదేమిటంటే, చేతుల దారైనా తుంపర్ల దారైనా రెండూ ఒకే ముక్కులోంచి మొదలవుతాయి. అక్కడ పట్టుకున్న చీమిడి తర్వాత ఏ దారీ పట్టదు.

అందుకని బాబు చేతికి అందేలా కాగితం రుమాళ్లు, పక్కనే మూత ఉన్న చెత్తబుట్ట. వాడి జేబులో గుడ్డ రుమాలు రోజంతా తడిగా ఉండటం వద్దు. చీదిన ప్రతిసారీ కుదరదు కానీ, తినే ముందు, బడి నుంచి రాగానే, నాయనమ్మ దగ్గరకి వెళ్లే ముందు సబ్బుతో చేతులు. నాయనమ్మ కూడా వాడితో గడిపాక తన చేతులు కడుక్కోవాలి, ఆవిడ చేతులే ఆవిడ కంటికి చేరేవి. తుడిచే పని రోజుకోసారి చాలు, అదీ చీమిడి నేరుగా అంటిన చోట, నాయనమ్మ మందుల డబ్బా, ఆవిడ ఫోను, కుళాయి పిడి లాంటివి. మిగతా ఇల్లంతా వదిలేయండి, ఆ సమయం మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి.

సుజాత_కె
మర్నాడు ఉదయం 7:50

రాత్రి మావారితో కూర్చుని అన్నీ చదివించాను. ఈసారి బాబుకి జలుబు మొదలవగానే మొదటి నాలుగు రాత్రులు వాడు మా గదిలో పడుకుంటాడు. రుమాళ్లు, బుట్ట కూడా కొన్నాం. అత్తయ్యని ఇన్‌హేలర్ గురించి అడిగితే, ఫర్హానాగారు అనుకున్నట్టే, బాగున్నప్పుడు మానేస్తున్నారట. రేపు డాక్టర్ దగ్గరకు వెళ్తున్నాం.

ఒక్కటే మిగిలింది. పాపకి ముక్కు కారడం లేదు కానీ బాబుతో రోజంతా ఆడుతుంది. తనకి పైకి కనపడకుండా వైరస్ ఉండొచ్చంటున్నారు కదా. తనని కూడా నాయనమ్మకి దూరంగా పెట్టాలా?

లక్ష్మీనరసింహ_ఎం
మర్నాడు ఉదయం 8:35

ఉండొచ్చు, పిల్లల్లో అది మామూలే. అయితే లక్షణాలు లేనివాళ్ల ముక్కులో వైరస్ సాధారణంగా తక్కువ, పైగా కారని ముక్కు, తుమ్మని ముక్కు దాన్ని బయటికి పెద్దగా పంపదు. నేనైతే పాపని దూరం పెట్టను. చేతులు కడిగి దగ్గరకి వెళ్లనిస్తాను. తుమ్ము, గొంతు గరగర మొదలైతే ఆ రోజు నుంచి తనకీ అదే నాలుగు రాత్రుల లెక్క.

ఫర్హానా_నర్స్
మర్నాడు ఉదయం 9:02

నేనైతే బాబుకి జలుబు ఉన్న ఆ వారం పాపని కూడా రాత్రి అత్తగారి పక్కన పడుకోనివ్వను సార్. పగలు పర్వాలేదు. వార్డులో ఏ లక్షణాలూ లేని మనిషి రోగిని చూసి వెళ్లిన తర్వాత ఆ రోగికి జలుబు రావడం చూశాను. అది వాళ్ల నుంచే వచ్చిందని రుజువు చేయలేను, కానీ ఆస్తమా ఉన్న మనిషి విషయంలో నేను ఆ వైపే మొగ్గుతాను.